విరిగిన షాఫ్ట్ ముఖం చూస్తే కారణం తెలుస్తుంది

ప్రశ్న: మా మిల్లులో షాఫ్ట్ విరిగింది. ఓవర్‌లోడా, మెటీరియల్ నాసిరకమా అన్నది విరిగిన ముక్క చూసి చెప్పొచ్చా?

చెప్పొచ్చు. కానీ ముందు ఆ రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి చూడటం మానండి, వైర్ బ్రష్ అసలు పెట్టకండి. మా విజయవాడ ఆటోనగర్‌లో విరిగిన ముక్క షాపులోకి రాగానే ఎవరో ఒకరు ఆ పనే చేస్తారు. ఉన్న ఆధారమంతా అక్కడే అరిగిపోతుంది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

గుంటూరు వైపు ఒక కారం మిల్లు నుంచి మా దగ్గరికి 50 మి.మీ. ఈఎన్8 రకం స్టీలు షాఫ్ట్ వచ్చింది. బేరింగ్ కూర్చునే చోట తెగింది. "స్టీలు అమ్మినవాడు ముంచేశాడండీ, వదలను" అని ఓనరు గారు మండిపడుతున్నారు. ముక్కని కిటికీ దగ్గర ఏటవాలు వెలుగులో తిప్పి చూశాను. ఎక్కడా సాగలేదు, వంగలేదు. ముఖం చాలావరకు నున్నగా ఉంది. దాని మీద ఆల్చిప్ప గీతల్లా ఒకదాని వెనక ఒకటి వంపు గీతలు. అవే బీచ్ మార్కులు. మిల్లు ఆగినప్పుడో, లోడు మారినప్పుడో పగులు ఎంతవరకు వచ్చిందో అవి చెబుతాయి. వంపులు ఎటు చిన్నవవుతుంటే పగులు అటు పుట్టినట్టు.

అలా వెతుక్కుంటూ వెళితే అంచున వెల్డింగ్ పొర కనిపించింది. అరిగిన బేరింగ్ సీటుని ఎవరో వెల్డింగ్‌తో నింపి లేతు మీద సైజుకి తెచ్చారు. ఈఎన్8లో కార్బన్ సుమారు 0.4 శాతం ఉంటుంది. షాఫ్ట్‌ని ముందు వేడి చేయకుండా వెల్డింగ్ కొడితే పక్కనున్న స్టీలు చప్పున చల్లారి పెళుసెక్కుతుంది, సన్న పగుళ్లు పడతాయి. తర్వాత ప్రతి చుట్టుకీ అవి కాస్త కాస్త పెరుగుతాయి.

చివర్లో ఒక్కసారిగా తెగిన గరుకు భాగం ముఖంలో ఐదో వంతు కూడా లేదు. అంత కొంచెం మిగిలేదాకా లోడు మోసిందంటే అది ఓవర్‌లోడూ కాదు, నాసి స్టీలూ కాదు. హార్డ్‌నెస్ టెస్ట్ చేయిద్దామన్నారు, నాకైతే అవసరం అనిపించలేదు.

సాగే స్టీలు లాగుడు ఎక్కువై తెగితే ముందు మెడ సన్నబడి, ఒక ముక్క కప్పులా, రెండోది కోనులా వస్తుంది. అంచు 45 డిగ్రీల వాలులో ఉంటుంది. పెళుసుగా తెగితే సన్నబడటం ఉండదు, తిప్పుతుంటే తళుక్కుమనే చదునైన క్లీవేజ్ ఫేసెట్లు కనిపిస్తాయి. మీ ముక్క మీద ఇవేవీ లేకుండా వంపు గీతలుంటే అది ఫెటీగే, అంటే పదే పదే పడే లోడుకి పగులు కాస్త కాస్త పెరిగి తెగడం.

వీడియోల్లో బీచ్ మార్కులనే స్ట్రైయేషన్లని చెప్పేస్తున్నారు, అది తప్పు. స్ట్రైయేషన్ ఒక్క లోడు సైకిల్ వదిలిన గీత, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. రెండు బీచ్ మార్కుల మధ్య అలాంటివి వేలల్లో ఉండొచ్చు. అందుకే కంటికి కనిపించే గీతలు లెక్కపెట్టి షాఫ్ట్ ఎన్ని రోజులు పగిలి ఉందో చెప్పేవాళ్లని నమ్మకండి.

ఆ మిల్లుకి కొత్త షాఫ్ట్ చేసిచ్చాం. బేరింగ్ ఆనే భుజం దగ్గర మూలని పదునుగా వదలకుండా గుండ్రం చేశాం. ఆ గుండ్రం బేరింగ్ మూల గుండ్రం కన్నా చిన్నదిగా ఉండాలి, లేకపోతే బేరింగ్ భుజానికి ఆనదు. సీటు మళ్లీ అరిగితే వెల్డింగ్ మెషిన్ దగ్గరికి పంపొద్దని, స్లీవ్ వేయిద్దామని ఓనరు గారికి గట్టిగా చెప్పాను.