90 పాయింట్ల వైన్ అంటే?

సీసా మీద "90 పాయింట్లు" అని ఉంటే అర్థం ఏంటి? క్రిటిక్స్ ఇచ్చే రేటింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఇది నూటికి తొంభై మార్కుల లెక్క కాదు. 1970ల చివర్లో అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన ఈ స్కేలు 50 దగ్గర మొదలవుతుంది. అంటే గ్లాసులో పోయగానే 50 వచ్చేసినట్టే! 80 నుంచి 89 దాకా బాగుందని, 90 దాటితే చాలా బాగుందని అర్థం. అందుకే 89కీ 90కీ రుచిలో తేడా దొరక్కపోయినా అమ్మకాల్లో మాత్రం తేడా ఉంటుంది.

నమ్మకం సంగతికొస్తే, అమెరికాలోని కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీలో వైన్ తయారీదారు రాబర్ట్ హాడ్జ్‌సన్ ఒక పరీక్ష పెట్టాడు. ఒకే సీసాలోని వైన్‌ని, జడ్జీలకు చెప్పకుండా, మిగతావాటితో కలిపి మూడుసార్లు ఇచ్చాడు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం మామూలు జడ్జి మార్కులు నాలుగు పాయింట్లు అటూ ఇటూ ఊగాయి. ఒకసారి 90 వేసిన వైన్‌కే ఇంకోసారి 86 వేయొచ్చు, 94 కూడా వేయొచ్చు. ప్రతిసారీ నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే.

కాబట్టి 85, 95 మధ్య తేడాని కొంత పట్టించుకోవచ్చు. 89, 91 మధ్య తేడాని వదిలేయండి. అంకె కంటే దాని పక్కన రాసిన వర్ణన, రాసినవారి పేరు, ఏ సంవత్సరపు పంటకి ఇచ్చారో చూడండి. పాత పంటకి వచ్చిన స్కోరుని షాపులో కొత్త సీసాల పక్కన పెట్టడం మామూలే.