యూరిన్ రిపోర్టులో పస్ సెల్స్ 4-6, ఎపిథీలియల్ సెల్స్ 8-10, ప్రొటీన్ ట్రేస్: ఇన్‌ఫెక్షనేనా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, వైజాగ్‌లోనే ఉంటాను. యూరిన్ రొటీన్‌లో ప్రొటీన్ ట్రేస్, పస్ సెల్స్ 4-6, ఎపిథీలియల్ సెల్స్ 8-10 అని వచ్చింది. మంట, జ్వరం లాంటివి ఏమీ లేవు. ఇది ఇన్‌ఫెక్షనా? మందులు వాడాలా?

జవాబు: మంట, జ్వరం లేవంటున్నారు కాబట్టి ఇన్‌ఫెక్షన్ అయ్యే అవకాశం తక్కువే అనిపిస్తోంది. అందరూ పస్ సెల్స్ దగ్గరే ఆగిపోతారు గానీ, నేనైతే ముందు ఎపిథీలియల్ సెల్స్ చూస్తాను. అవి చాలావరకు చర్మం నుంచి, యోని దగ్గర నుంచి రాలిపడే కణాలు. అవి ఎక్కువగా ఉన్నాయంటే శాంపిల్ శుభ్రంగా పట్టలేదని అర్థం, ఆ దారిలోనే కొన్ని పస్ సెల్స్ కూడా వచ్చి కలుస్తాయి. వైట్ డిశ్చార్జ్ ఉన్నా, పీరియడ్స్ అప్పుడే అయిపోయి ఉన్నా ఇంకా కలుస్తాయి. మామూలుగా పస్ సెల్స్ 5 వరకు ఉండొచ్చని ల్యాబులు రాస్తాయి, మీది ఆ గీత మీదే ఉంది.

నాకూ దాదాపు ఇవే అంకెలు వచ్చాయి, పోయిన మే నెలలో, ఆఫీసువాళ్లు పెట్టిన హెల్త్ క్యాంపులో. షుగర్ టెస్టుకి ఫాస్టింగ్‌లో రమ్మన్నారని రాత్రి 9 నుంచి మంచినీళ్లు కూడా తాగలేదు నేను, ఫాస్టింగ్ అంటే నీళ్లు మానమని కాదని ఎవరూ చెప్పలేదు మరి. ఆ ఉక్కపోతలో ఆటోలో మద్దిలపాలెం దాటేసరికే నోరు ఎండిపోయింది. అక్కడ చిన్న డబ్బా చేతికిచ్చి బాత్రూమ్‌లోకి పంపారు, ఎలా పట్టాలో ఒక్క మాట చెప్పలేదు, నేను మొదటి చుక్క నుంచే పట్టేశాను. ఆ డబ్బాలు మధ్యాహ్నం దాకా ట్రేలోనే ఉన్నాయి.

రిపోర్టు చూడగానే టెన్షన్. మందుల షాపతను ఐదు రోజుల యాంటీబయాటిక్ తీసి కౌంటర్ మీద పెట్టేశాడు. అదృష్టం ఏంటంటే మా పిన్ని నర్సుగా పనిచేసి రిటైరైంది, ఫోన్ చేస్తే "స్పెసిఫిక్ గ్రావిటీ ఎంతుందో చదవవే" అంది. 1.030 ఉంది. "నీళ్లు తాగక ఒంట్లోదంతా చిక్కబడింది, చిక్కటి మూత్రంలో ఆ కాస్త ప్రొటీన్ ట్రేస్‌గా కనిపిస్తుంది, బ్యాక్టీరియా ఉంటే తయారయ్యే నైట్రైట్ కూడా నెగిటివ్ ఉంది కదా, ముందు శాంపిల్ సరిగ్గా ఇచ్చి చూడు" అని తిట్టింది. జ్వరం వచ్చినా, బాగా వ్యాయామం చేసినా కూడా అలా ట్రేస్ వస్తుందట.

రెండు రోజులు మామూలుగా నీళ్లు తాగి, మూడో రోజు పొద్దున్న లేవగానే పట్టాను. ముందు మామూలు నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని, మొదట వచ్చేది బయటికి వదిలేసి, ఆపకుండానే మధ్యలో వచ్చేది డబ్బాలో సగం దాకా పట్టాలి. మూత లోపల వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌లో ఇచ్చేయాలి, ఎందుకంటే బయట ఉంచేస్తే బ్యాక్టీరియా పెరుగుతుంది, కణాలు పగిలిపోతాయి, అంకెలే మారిపోతాయి. నాది ఈసారి పస్ సెల్స్ 1-2, ఎపిథీలియల్ 1-2, ప్రొటీన్ నిల్. ఆ యాంటీబయాటిక్ వేసేసుకుని ఉంటే మందు వల్లే తగ్గిందనుకునేదాన్ని!

అసలు ఇన్‌ఫెక్షన్ అయితే ఎలా ఉంటుందో మా పెద్దమ్మ విషయంలో చూశాను. పది నిమిషాలకోసారి బాత్రూమ్, పొత్తికడుపులో నొప్పి, మంట. రిపోర్టులో పస్ సెల్స్ 40 పైన, నైట్రైట్ పాజిటివ్, కానీ ఎపిథీలియల్ సెల్స్ మాత్రం 2-3 మాత్రమే. తేడా అక్కడే తెలుస్తుంది. డాక్టరు మందు మొదలుపెట్టకముందే కల్చర్‌కి పంపించారు, రెండు రోజులకి ఈ-కోలై అని వచ్చింది, ఏ మందు పనిచేస్తుందో కూడా అందులోనే ఉంది. ముందే మాత్రలు మింగేస్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.

నైట్రైట్ నెగిటివ్ ఉందని పూర్తిగా ధీమాగా ఉండకండి. కొన్ని రకాల బ్యాక్టీరియా నైట్రైట్‌ని తయారుచేయవు, మూత్రం కొన్ని గంటలు లోపల నిలవకపోయినా అది కనిపించదు. కాబట్టి మంట మొదలైనా, చలిజ్వరం వచ్చినా, నడుము పక్కన నొప్పి పుట్టినా రెండో శాంపిల్ దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. గర్భంతో ఉంటే లక్షణాలు లేకపోయినా ఈ రిపోర్టు మీ గైనకాలజిస్టుకి చూపించండి, వాళ్ల లెక్క వేరు, మంట లేకపోయినా కల్చర్ చేయిస్తారు.

రెండోసారి పస్ సెల్స్ తగ్గి ప్రొటీన్ ట్రేస్ మాత్రం అలాగే ఉందనుకోండి, అప్పుడు అది ఇన్‌ఫెక్షన్ సంగతి కాదు. షుగరో బీపీయో ఉందేమో చూసి, యూరిన్ అల్బుమిన్ క్రియాటినిన్ రేషియో అనే టెస్టు రాస్తారు, అది 30 mg/g లోపు ఉంటే మామూలే.