‘నీ మెసేజ్‌లు ఆర్డర్ వేసినట్టున్నాయి’ అన్నారట, కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొన్న రివ్యూలో మేనేజర్ ‘నీ చాట్ మెసేజ్‌లు ఆర్డర్ వేసినట్టు ఉంటున్నాయి, కొంచెం చూసుకో’ అన్నారట. ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల. 40 వేలు కట్టి కమ్యూనికేషన్ స్కిల్స్ కోర్సులో చేర్పించాలా, ఇంట్లోనే ఇంగ్లీష్ నేర్పించుకుంటే సరిపోతుందా? ఉద్యోగానికి ముప్పేమైనా ఉందా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు ఆ చివరి ప్రశ్న సంగతి. తీసేయాలనుకున్న మనిషికి ‘కొంచెం చూసుకో’ అని ఎవరూ చెప్పరండి. దిద్దుకుంటుందని నమ్మకం ఉంది కాబట్టే చెప్పారు. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. అందరి భయం ఒకటే, తెలుగు మీడియం పిల్ల కాబట్టి ఇలా అయిందేమోనని. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లకూ ఇదే మాట పడుతోంది.

తప్పు ఎక్కడుందో చెప్తాను. తెలుగులో మర్యాద క్రియ చివర్లోనే ఉంటుంది. ‘పంపు’కీ ‘పంపండి’కీ తేడా ఆ ‘అండి’ ఒక్కటే. మీ అమ్మాయి మనసులో ‘యాక్సెస్ ఇవ్వండి’ అనే అనుకుంటుంది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘గివ్ యాక్సెస్’ అవుతుంది. ‘అండి’ దారిలో జారిపోయింది. దాని బదులు ముందు ‘ప్లీజ్’ తగిలిస్తారు. ‘ప్లీజ్ గివ్ యాక్సెస్ టుడే’ అన్నా అది ఆర్డరే, కాస్త మెత్తటి ఆర్డర్. ఆ ‘అండి’ పని ఇంగ్లీషులో ప్రశ్న చేస్తుంది. మన ‘ఇవ్వగలరా’ లాంటిదే ‘కుడ్ యూ’.

మీరు పంపిన ఆఫీసు చాట్ ఫోటోల్లో ఉన్న వరుసనే విషయం మార్చి చెప్తాను. రాత్రి 8:40కి అమెరికాలో ఉన్న సీనియర్‌కి మీ అమ్మాయి ‘హాయ్’ అని పంపింది. న్యూయార్క్‌లో అప్పుడు ఉదయం 11:10. ఆయన మీటింగ్‌లో ఉండొచ్చు. నాలుగు నిమిషాలకి ‘యూ దేర్?’ ఆ తర్వాత ‘నీడ్ టెస్ట్ సర్వర్ యాక్సెస్’, వెంటనే ‘అర్జెంట్’, చివరికి రెండు ప్రశ్న గుర్తులు. అవతలి మనిషి ఫోన్ ఐదుసార్లు మోగింది. అయినా ఎప్పటికి కావాలో, ఎందుకో ఆయనకి ఇంకా తెలియదు. మన దగ్గర ‘హాయ్’ అంటే తలుపు తట్టడం, లోపలి నుంచి ‘రండి’ అనే దాకా ఆగడం మర్యాద. చాట్‌లో అదే విసుగు తెప్పిస్తుంది, విషయం తెలియకుండా ఆయన ఎదురు చూస్తూ కూర్చోవాలి కదా.

ఇదే సంగతి ఒక్క మెసేజ్‌లో ఇలా రాయొచ్చు. ఇంగ్లీషులో రాసేదే, తెలుగులో చెప్తున్నాను: ‘హాయ్ అండి, టెస్ట్ సర్వర్‌కి నాకు యాక్సెస్ ఇవ్వగలరా? పేమెంట్ పేజీ మార్పులు రేపు మా టైము ప్రకారం మధ్యాహ్నం 3 లోపు టెస్ట్ చేయాలి. యాక్సెస్ కోరుతూ టికెట్ ఉదయమే వేశాను. ఈరోజు కుదరకపోతే ఇంకెవరిని అడగాలో చెప్పినా చాలు.’ అడిగింది మొదటి వాక్యంలోనే ఉంది, ఎందుకంటే ఫోన్ మీద నోటిఫికేషన్‌లో కనిపించేది ఆ మొదటి ముక్కే. ‘అర్జెంట్’ పోయి గడువు, కారణం వచ్చాయి. చివరి వాక్యం కాదనడానికి దారి ఇచ్చింది. కాదనే వీలు లేకుండా అడిగితే ఎంత మెత్తగా అడిగినా ఆర్డర్ లాగే వినిపిస్తుంది.

ఈ ముక్కలు ముక్కలుగా పంపడానికి సగం కారణం Enter బటన్. అది నొక్కగానే మెసేజ్ వెళ్లిపోతుంది. Shift + Enter నొక్కితే కింది లైనుకి వస్తుంది, మొత్తం రాసుకుని ఒకసారి చదువుకుని పంపొచ్చు. ఇంకోటి, ఆఫీసుల్లో వాడే చాట్ యాప్ టీమ్స్‌లో అర్జెంట్ అని గుర్తు పెట్టి పంపే సౌకర్యం ఉంది. అలా పంపితే అవతలివాళ్లు చదివేదాకా 2 నిమిషాలకోసారి, 20 నిమిషాల పాటు నోటిఫికేషన్ మోగుతుంది. సర్వర్ పడిపోతే వాడుకోవాలి, యాక్సెస్ కోసం వాడితే గేటు ముందు హారన్ కొట్టినట్టే.

జవాబుల్లో పొట్టితనం ఇంకో తంటా. 2015లో అమెరికాలోని బింగమ్‌టన్ యూనివర్సిటీ వాళ్లు 126 మంది విద్యార్థులతో చూశారు. ఫోన్ మెసేజ్‌లో ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే అంత మనస్ఫూర్తిగా అన్నట్టు అనిపించలేదట. చేత్తో రాసిన చీటీలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. ‘ఓకే’ బదులు ‘ఓకే, సాయంత్రంలోగా చూస్తాను’ అంటే ఈ గొడవే ఉండదు.

దీన్ని నేనూ నా ఖర్చుతోనే నేర్చుకున్నాను. ఒకసారి రాత్రి తొమ్మిదింటికి నా దగ్గర పనిచేసే అమ్మాయికి ‘రేపు ఒకసారి మాట్లాడాలి’ అని పెట్టి పడుకున్నాను. పాపం, ఆ పిల్లకి తెల్లవార్లూ నిద్ర లేదట. మాట్లాడాల్సింది కొత్త ప్రింటర్ గురించి. ‘ప్రింటర్ గురించి’ అని రెండు మాటలు కలిపితే పోయేది.

మాటలు కూడా కొన్ని మోసం చేస్తాయి. ‘ఐ హావ్ ఎ డౌట్ ఇన్ యువర్ కోడ్’ అంటే మనకి సందేహం అడగడం, అమెరికా మనిషికి నీ పని మీద నమ్మకం లేదన్నట్టు. ‘క్వశ్చన్’ అంటే సరి. ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబివ్వమని మన అర్థం, ప్రోగ్రామర్ల భాషలో చేసిన మార్పు వెనక్కి తీసేయమని. నిజంగానే తీసేస్తే ఆ రోజు ఆఫీసులో సందడే.

ఇప్పుడు మీ 40 వేల కోర్సు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదని మొహమాటం లేకుండా చెప్తున్నాను. సర్టిఫికెట్ తీసుకుని నా దగ్గరికి వచ్చిన పిల్లల మెసేజ్‌లు చూశాను. ‘హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్, సారీ టు డిస్టర్బ్ యూ’ అంటూ నాలుగు లైన్లు గడిచాక గానీ విషయం రాదు. కరుకుదనం పోయి నసుగుడు వచ్చింది, చదివేవాడికి రెండూ భారమే. స్టేజీ మీద మాట్లాడటం, ఇంటర్వ్యూలో కూర్చోవడం వాటిలో నేర్పుతారేమో. ఏ మెసేజ్ ఎవరికి గుచ్చుకుందో కోర్సు చెప్పే ఆయనకేం తెలుసు? అది మేనేజర్‌కే తెలుసు. ‘ఏవి అలా అనిపించాయో ఒకటి రెండు చూపించగలరా’ అని మీ అమ్మాయి ఆయన్నే అడగాలి. చూపిస్తే దిద్దుకోవచ్చు. ఒక్కటీ చూపించలేకపోతే, లేదా ఫిర్యాదు ఎప్పుడూ ఒకే మనిషి నుంచి వస్తుంటే, తప్పంతా తనదే అనుకోనక్కర్లేదు. మగపిల్లాడు సూటిగా రాస్తే కాన్ఫిడెన్స్, ఆడపిల్ల రాస్తే పొగరు అనేవాళ్లు ఆఫీసుల్లో ఇంకా ఉన్నారు. మార్పు వస్తోందో లేదో తెలియడానికి పరీక్షలేమీ అక్కర్లేదు. ‘దేని గురించి?’, ‘ఎప్పటికి?’ అనే ఎదురు ప్రశ్నలు తగ్గుతాయి. ఇంట్లో ఇంగ్లీష్ అంటారా, పేపర్ చదవనివ్వండి, మంచిదే, ఈ సమస్యకి మాత్రం దానితో పని లేదు.

చివరగా మీ మీద నాకున్న కోపం. ఆఫీసు చాట్ ఫోటోలు తీయించి నాకు పంపారే, అందులో క్లయింట్ పేరు, సర్వర్ పేరు కనిపిస్తున్నాయి. మెసేజ్‌లు కరుకుగా ఉన్నందుకు పోని ఉద్యోగం దీనితో పోవచ్చు. మేనేజర్ నంబర్ సంపాదించి మాట్లాడతానని కూడా రాశారు, ఆ ఆలోచన మానుకోండి. పైగా ఆదివారం ఉదయం ఆరింటికి మీరు నాకు పెట్టిన మెసేజ్ ‘మా అమ్మాయి విషయం. రిప్లై ఇవ్వండి’. ఏడింటికి రెండు ప్రశ్న గుర్తులు. పిల్ల ఎక్కడ నేర్చుకుందో అని నేను పెద్దగా వెతకలేదు.

నా ఫోన్లో ఆ ఫోటోలు తీసేశాను. మీ ఫోన్లోవీ, అమ్మాయి ఫోన్లోవీ ఈరోజే తీసేయించగలరా?