పొదలకూరు నిమ్మకు, చెన్నై ధరకు మధ్య తేడా ఎవరి జేబులోకి పోతుంది?

ప్రశ్న: "మా పొదలకూరులో నిమ్మకాయలు కిలో 40 అంటే చెన్నైలో 70 అంటున్నారు. ఇక్కడ కొని అక్కడ అమ్మేస్తే కూర్చున్నచోటే లాభం కదా? ఆర్బిట్రేజ్ అంటే ఇదేనా? అయితే అందరూ ఎందుకు చెయ్యట్లేదు? మధ్యలో డబ్బు ఎవరికి మిగులుతోంది?"

నిమ్మకాయల మండీలో లెక్కలు రాసే పని చాలాకాలం చేశాను, అందుకని ఆ లెక్కతోనే మొదలుపెడతాను. ముందుగా ఆ 70 ఎక్కడి ధరో కనుక్కోండి. వీధి చివర కొట్లో చిల్లరగా అమ్మే ధరను మన యార్డు వేలం ధరతో పోల్చకూడదు. చెన్నైలోని కోయంబేడు మార్కెట్లో టోకుగా, మీరు కొన్న సైజు కాయకే, అదే పచ్చితనానికి 70 పలుకుతోందంటేనే అది తేడా. చాలాసార్లు తేడా అక్కడే ఆవిరైపోతుంది.

నిజంగానే టోకు ధర 70 అనుకుందాం. కిలో 40 చొప్పున క్వింటాలు కొంటే 4000. ఇక్కడి మార్కెట్ సెస్సు 1 శాతం అనుకుంటే 40. గ్రేడింగు, గోతాలు, హమాలీ కలిపి 250, లారీ బాడుగ ఇంకో 250 వేసుకోండి. ఈ రెండూ రోజును బట్టి మారతాయి, లెక్క తేలడానికి వేస్తున్నాను. మొత్తం 4540 అయింది. రాత్రంతా ప్రయాణం చేసేసరికి కాయ నీరు తగ్గుతుంది, కొన్ని నలుగుతాయి. తరుగు 4 శాతం తీసేస్తే అమ్మడానికి 96 కిలోలు ఉంటాయి. అక్కడి మండీ కమీషను నూటికి 10 అనుకుంటే, పెట్టిన 4540 తిరిగి చేతికి రావాలన్నా కిలో 52 రూపాయల 55 పైసలకు అమ్ముడుపోవాలి. అంటే పన్నెండున్నర రూపాయల తేడా అసలు తేడానే కాదు, సరుకు అక్కడికి చేరే ఖర్చు. దాని పైన ఉన్నదే లాభం. 70కి అమ్మితే క్వింటాలుకు సుమారు 1500 మిగులుతుంది, అది చాలా పెద్ద లాభం.

పెద్దది కాబట్టే నిలవదు. పొద్దున కోయంబేడు నుంచి ఫోను వచ్చిందంటే అది ఒక్క మండీకే రాదు, యార్డులో ప్రతి వ్యాపారికీ వస్తుంది. నిన్న 40 దగ్గర ఆగిన పాట ఇవాళ 42, 44 అంటూ పైకి పోతుంది. ఎందుకంటే 48కి కొన్నా తనకు మిగులుతుందని ఒకడికి తెలుసు, అది పక్కవాడికీ తెలుసు. ఒక్క రూపాయి దగ్గర బేరం తెగక పది నిమిషాలు నిలబడ్డ పాటలు చూశాను. ఆ సాయంత్రం రోజూ వెళ్ళేదానికంటే ఎక్కువ లారీలు చెన్నై దారి పడతాయి. తెల్లవారి అక్కడ కుప్పలు పెరుగుతాయి, 70 కాస్తా 62కి దిగుతుంది. ఇప్పుడు 48కి కొని 62కి అమ్మినవాడి లెక్క వేయండి. కొనుగోలు 4800, సెస్సు 48, ఖర్చులు 500, మొత్తం 5348. 96 కిలోలు 62 చొప్పున అమ్మితే 5952, కమీషను పోగా 5357. మిగిలింది 9 రూపాయలు. తేడాను మూసెయ్యమని ఎవరూ చెప్పలేదు. లాభం కోసం ఇక్కడ కొనడం వల్లే ఇక్కడి ధర పెరిగింది, అక్కడ అమ్మడం వల్లే అక్కడి ధర తగ్గింది. పూర్తిగా సున్నాకు రాదు, ఆ రవాణా ఖర్చు దగ్గరే ఆగుతుంది.

ఇది ఆర్బిట్రేజేనా అంటే, ఖచ్చితంగా చెప్పాలంటే సగమే. అసలైన ఆర్బిట్రేజ్‌లో కొనడం, అమ్మడం ఒకేసారి జరగాలి, మధ్యలో ధర మారే అవకాశం ఉండకూడదు. నిమ్మ వ్యాపారి ఇవాళ కొని రేపు అమ్ముతాడు. ఢిల్లీకి పంపేవాడైతే ఇంకా ఎక్కువ రోజులు ఆ భయంతో ఉండాలి. దాన్ని తగ్గించుకోవాలనే కొందరు లోడు ఎత్తకముందే ఫోనులో రేటు ఖాయం చేసుకుంటారు. అప్పుడు రెండు వైపులా ధర కట్టేసినట్టే, ఆర్బిట్రేజ్‌కు చాలా దగ్గరగా వస్తుంది. అయినా ఒక చిక్కు ఉంటుంది. నేను పనిచేసేటప్పుడే ఒక బయటి ఊరి వ్యాపారి రేటు ఒప్పుకుని, సరుకు దిగాక మార్కెట్ పడిపోవడం చూసి, కాయ మెత్తబడిందని కిలోకు 6 రూపాయలు కోశాడు. పచ్చిసరుకును వెనక్కి తెచ్చుకోలేం, దిగినచోటే అమ్మాలి. ధర మారే ప్రమాదం తీసేసినా మాట తప్పే ప్రమాదం అలాగే ఉంటుంది.

షేర్లలో ఈ సమయం అనేదే దాదాపు లేదు. ఒకే కంపెనీ షేరు ఎన్‌ఎస్‌ఈలో 500, బీఎస్‌ఈలో 500 రూపాయల 60 పైసలు కనిపిస్తే, అక్కడ షేర్లు, ఇక్కడ డబ్బు ముందే సిద్ధంగా పెట్టుకున్న సంస్థల కంప్యూటర్లు రెండు ఆర్డర్లూ ఒకేసారి వేస్తాయి. మనం తెర మీద ఆ అంకె చదివేలోపు తేడా పోతుంది. ఒకవేళ దొరికినా డెలివరీ మీద ఎస్‌టీటీ అనే పన్ను కొనేటప్పుడు 0.1 శాతం, అమ్మేటప్పుడు 0.1 శాతం. అంటే సుమారు ఒక రూపాయి. 60 పైసల కోసం రూపాయి కట్టినట్టు అవుతుంది.

ఇక ఎవరికి మిగులుతుందంటే, ముందు కబురు అందినవాడికి మొదటి రోజు మిగులుతుంది. ఫోన్లు అందరికీ వచ్చాక అలాంటివాళ్ళు తగ్గిపోయారు. రోజూ మిగిలేది ఖర్చు తక్కువ ఉన్నవాడికి. కోయంబేడులో సొంత కొట్టు ఉన్నవాడు 10 శాతం కమీషను కట్టడు. పైన 9 రూపాయలు మిగిలిన లోడు మీదే అతనికి 604 మిగులుతుంది. చెన్నై లారీ ఎలాగూ ఖాళీగా తిరిగి పోతుంటే తక్కువ బాడుగకు ఎక్కించుకునేవాడికీ అంతే. కొత్తగా దిగినవాడికి లాభం ఆగిపోయిన చోట వీళ్ళకు మొదలవుతుంది. అందుకే అందరూ చెయ్యరు.

కానీ నాకు ముఖ్యమనిపించేది రైతు. పైన చెప్పిన లెక్కలో 40 నుంచి 48కి పెరిగిన 8 రూపాయలు రైతువి, 70 నుంచి 62కి తగ్గిన 8 రూపాయలు చెన్నైలో కొనేవాడివి. కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు కవ్వల చేపల ధరల మీద రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. పడవలవాళ్ళు ఏ రేవులో ధర ఎక్కువుందో సముద్రం మీదే కనుక్కుని అక్కడికి పోవడంతో రేవుల మధ్య తేడాలు దాదాపు మాయమయ్యాయి. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకు ధర 4 శాతం తగ్గింది. అంతకుముందు కొనేవాడు లేక పారేసే చేప కూడా అమ్ముడుపోయింది.

అయితే రైతు దాకా ఆ 8 రూపాయలు రావాలంటే పాటలో పోటీ ఉండాలి. మండీ దగ్గర పెట్టుబడికి అడ్వాన్సు తీసుకున్న రైతు కాయ అక్కడే వెయ్యాలి, పక్క మండీలో 4 రూపాయలు ఎక్కువ పలికినా కదల్లేడు. నలుగురు వ్యాపారులు ముందే మాట్లాడుకుని పాట పాడినా అంతే. దీన్ని గుర్తుపట్టొచ్చు. ఖర్చులన్నీ తీసేశాక కూడా పెద్ద తేడా వరసగా వారం పది రోజులు అలాగే నిలబడిందంటే, మీరు లెక్కలోకి తీసుకోని ఖర్చు ఏదైనా ఉండాలి, లేదా పోటీని ఎవరో ఆపుతూ ఉండాలి.

మీరు నిజంగా దిగాలనుకుంటే కోయంబేడు రేటు ఎంత అని అడగొద్దు. కమీషను, తరుగు, దింపుడు కూలి పోగా కిలోకు చేతికి ఎంత ఇస్తారని అడగండి. రెండు మూడు మండీలను విడివిడిగా అడిగి, ఆ అంకెలో నుంచి మీ బాడుగ, గోతాలు, హమాలీ, సెస్సు తీసెయ్యండి. వచ్చిన అంకె కంటే పొదలకూరు పాట రెండు రూపాయలైనా తక్కువ ఉన్న రోజే లోడు ఎత్తండి.