అన్నీ మొదటి గడిలోనే పడుతున్నాయి

*నమస్కారం మేడమ్. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఈమధ్యే ఐదు నిండాయి. షుగరు ఉన్న అత్తగారు మాతోనే ఉంటారు. ఆఫీసు శిక్షణలో అత్యవసరం, ముఖ్యం అంటూ నాలుగు గడుల పట్టిక నేర్పారు. ఇంటి పనులకూ వేసి చూశాను. దాదాపు అన్నీ మొదటి గడిలోనే పడుతున్నాయి. మావారు ‘ఏం చేయాలో చెప్పు, చేస్తాను’ అంటారు. ఆ చెప్పడమే నాకు ఇంకో పని. నిన్న వేసిన కాగితం జతచేస్తున్నాను. లోపం నాలో ఉందా, పట్టికలో ఉందా?*
*– ఒక సోదరి*

అమ్మా, మీ కాగితంలో నా చూపు ముందు నాలుగో గడి మీద ఆగింది. అత్యవసరమూ కానిది, ముఖ్యమూ కానిది రాయవలసిన ఆ గడిలో ఒకే ఒక్క పని ఉంది: ‘నా నడుము నొప్పి, డాక్టరుకు చూపించడం’. గృహప్రవేశానికి ఇవ్వవలసిన బహుమతి మాత్రం మొదటి గడిలో ఉంది. పనులు పంచేటప్పుడు ఏ కొలత వాడుతున్నారో ఇక్కడే తెలిసిపోతోంది. ఎవరైనా అడిగేది అత్యవసరం, ఎవరూ అడగనిది అనవసరం. మీ నడుము గురించి ఇంట్లో ఎవరూ అడగడం లేదు కాబట్టి అది అడుక్కి పోయింది.

ఈ పట్టికకు ఐజెన్‌హోవర్ పేరు పెట్టి పిలుస్తారు. ఆయన అమెరికా అధ్యక్షుడిగా ఉండగా 1954లో ఒక ప్రసంగంలో, తన సమస్యలు రెండు రకాలని, అత్యవసరమైనవి ముఖ్యం కావని, ముఖ్యమైనవి ఎప్పుడూ అత్యవసరం కావని ఒక కళాశాల మాజీ అధ్యక్షుడి మాటగా చెప్పారు. నాలుగు గడులు ఆ తర్వాత వచ్చాయి: మొదటిది ముఖ్యమూ అత్యవసరమూ అయినవాటికి, రెండోది ముఖ్యమే కానీ అత్యవసరం కానివాటికి, మూడోది అత్యవసరమే కానీ ముఖ్యం కానివాటికి, నాలుగోది రెండూ కానివాటికి. ఒకటి గమనించండి, అధ్యక్షుడికి పనులు అప్పగించడానికి చుట్టూ సిబ్బంది ఉంటారు. మూడో గడిలో ‘ఇతరులకు అప్పగించండి’ అని ఆఫీసులో సులువుగా నేర్పగలగడం అందుకే. ఇంట్లో ఆ ‘ఇతరులు’ ఎవరన్నది ముందు తేలాలి. అక్కడికి వస్తాను.

మొదట కాగితం నుంచి కొన్నింటిని తీసేద్దాం. టిఫిను, లంచ్ బాక్సులు, యూనిఫాం ఇస్త్రీ, పాపను స్కూలు వ్యానెక్కించడం వంటివి ఈ పట్టికలో ఉండకూడదు. ఏది ముందు, ఏది తర్వాత అని ఎంచుకోవలసిన చోట పట్టిక పనికొస్తుంది. పిల్లలకు రేపు అన్నం పెట్టాలా వద్దా అని ఎవరూ ఎంచుకోరు. రోజూ ఒకే వేళకు జరిగేవాటికి వేరే కాగితం మీద వేళ, చేసే మనిషి పేరు రాసి వంటింట్లో అంటించండి. మీ మొదటి గడిలో సగానికి దగ్గరగా అలా ఖాళీ అవుతుంది.

మిగిలిన ఒక్కో పనినీ రెండు ప్రశ్నలు అడగండి. ఈ రాత్రిలోపు కాకపోతే ఎవరికి ఏ నష్టం? అది అత్యవసరాన్ని తేలుస్తుంది. నెల తర్వాత కూడా ఆ నష్టం మిగిలి ఉంటుందా? అది ముఖ్యాన్ని తేలుస్తుంది. ‘బాగుండదేమో’, ‘ఏమనుకుంటారో’ అన్నవి నష్టాల కిందికి రావు.

బాబు రేపు ఇవ్వవలసిన చార్టు తీసుకోండి. రాత్రిలోపు కావాలి, కాబట్టి అత్యవసరమే. చార్టు అంత అందంగా లేకపోతే నెల తర్వాత మిగిలే నష్టం ఏమీ లేదు. అది మూడో గడిది, పైగా చేయవలసింది బాబు. మీరు అట్ట, రంగులు ఎక్కడున్నాయో చూపించి పక్కకు తప్పుకోవచ్చు. స్కూలు వాట్సాప్ గ్రూపు కూడా అక్కడికే పోతుంది. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి చూస్తే చాలు. నిజంగా కొంప మునిగే విషయమైతే స్కూలువాళ్లు ఫోను చేస్తారు. అత్తగారి మాత్రలు రేపు ఉదయానికి ఒక్కటి కూడా లేవని రాశారు. అది మాత్రం నిస్సందేహంగా మొదటి గడి.

అయితే ఆ మాత్రలు నిన్న హఠాత్తుగా అయిపోలేదు కదా. షీటులో ఎన్ని మిగిలాయో వారం కిందటే కనిపిస్తూ ఉంటుంది. వారం కిందట అది రెండో గడి పని, ఎవరూ పట్టించుకోక మొదటి గడికి చేరింది. మీ ఆఫీసు పనీ ఇంతే. జీఎస్టీఆర్-3బి పన్ను రిటర్ను గడువు సాధారణంగా ప్రతి నెలా 20వ తేదీ అని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ వారం ఇంటికి ఆలస్యంగా వస్తారనీ తెలుసు. అయినా స్కూలు ఫీజు కట్టడం, గ్యాసు బుక్ చేయడం అదే వారంలో మీ మీద పడ్డాయి. 15వ తేదీలోపు తేల్చేసి ఉంటే ఆ రెండూ నిన్నటి కాగితంలో ఉండేవి కావు. మొదటి గడిలో మిగిలిన ప్రతి పని పక్కనా ‘ఇది వారం ముందు ఏ గడిలో ఉండేది?’ అని రాసి చూడండి. పిల్లాడికి జ్వరం, పనిమనిషి రాకపోవడం లాంటివి కొన్నే నిజంగా చెప్పకుండా వస్తాయి.

ఇలా వడపోస్తే మీ కాగితం నాకు ఇలా కనిపిస్తోంది:

| | అత్యవసరం | అత్యవసరం కాదు |
|---|---|---|
| ముఖ్యం | అత్తగారి మాత్రలు, స్కూలు ఫీజు (ఎల్లుండి ఆఖరు), రిటర్ను లెక్కలు | మీ నడుము, అత్తగారి రక్తపరీక్ష, పాప టీకా, బాబు లెక్కల్లో వెనకబడటం |
| ముఖ్యం కాదు | చార్టు, గ్రూపు సందేశాలు, సాయంత్రం ఆఫీసు ఫోన్లలో చాలావరకు | గృహప్రవేశం బహుమతి వెతకడం, అల్మరా సర్దడం |

కుడివైపు పై గడి చూడండి. అందులో ఉన్నవేవీ గొంతెత్తి పిలవవు. గత మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎలా ఉందో చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను డాక్టరు ఎన్నాళ్లకొకసారి చేయించమన్నారో అడిగి ఆ తేదీ వేసుకోవాలి. పాపకు డీపీటీ బూస్టరు 5–6 ఏళ్ల మధ్య వేయించాలి. కార్డు తీసి అది పడిందో లేదో చూడండి. ఈ గడిలోని పనికి రోజు, గంట, మనిషి మూడూ రాయకపోతే రాయనట్టే. ‘బాబు లెక్కలు’ అని రాస్తే అది పని కాదు, దిగులు. ‘శనివారం పదకొండింటికి లెక్కల టీచరుతో మాట్లాడాలి’ అని రాస్తే పని. ఒకే మాట మూడు వారాలుగా ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కుతూ ఉంటే దాన్ని ఇంత చిన్నదిగా విరవలేదని అర్థం.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు ‘ఇప్పుడే చేస్తాను’ అనకుండా ‘ఇది మీకు రేపు ఎన్ని గంటలకు కావాలి?’ అని అడగండి. పదకొండు అని జవాబు వస్తే అది రేపు ఉదయం పని. ఎప్పుడూ ‘ఇప్పుడే’ అనే అధికారి ఉంటే ఈ ప్రశ్న పనిచేయదు. అప్పుడు అది పట్టికతో తీరేది కాదు, పగటిపూట ఆయనతో కూర్చుని మాట్లాడవలసిన సంగతి.

ఇక మీవారి సంగతి. ‘చెప్పు, చేస్తాను’ అనే మాటలో చెడ్డ ఉద్దేశం లేదు, కానీ బరువంతా అందులోనే ఉంది. ఇంటి పనిలో కంటికి కనిపించని భాగాన్ని సమాజశాస్త్రవేత్త అలిసన్ డామింజర్ 2019లో నాలుగుగా విడదీసి చూపారు: అవసరాన్ని ముందే ఊహించడం, తీర్చే దారులు వెతకడం, నిర్ణయించడం, సరిగా జరిగిందో లేదో కనిపెట్టి ఉండటం. మీవారు మందుల షాపుకు వెళ్లి వచ్చినా ఈ నాలుగూ మీ దగ్గరే ఉండిపోతున్నాయి. అందుకే ఆయనకు పనులు చెప్పవద్దు, ఒక విషయం మొత్తంగా ఇచ్చేయండి. నేనైతే అత్తగారి ఆరోగ్యంతో మొదలుపెడతాను. షీటు చూసుకోవడం, మందులు తేవడం, రక్తపరీక్షకు పరగడుపున రమ్మన్నారా లేదా కనుక్కోవడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, కాగితాలు దాచడం అన్నీ ఆయనవే. తన తల్లి విషయం కాబట్టి ‘నాకెలా తెలుస్తుంది’ అనడానికి వీలుండదు. అత్తగారు అలవాటుగా మిమ్మల్నే అడుగుతారు. ‘అబ్బాయిని అడగండి అత్తయ్యా’ అని నవ్వుతూనే చెప్పండి, కొన్నాళ్లు చెప్పవలసి వస్తుంది.

ఇచ్చాక గుర్తుచేయకూడదు, అది మీకు కష్టమని తెలుసు. గ్యాసో కూరగాయలో అయితే ఆయన మరిచిపోయి ఒక పూట ఇబ్బంది పడనివ్వమంటాను. మాత్రల విషయంలో అలా కుదరదు, పాఠం నేర్పడానికి అత్తగారి మందు ఆగకూడదు. వారానికి సరిపడా మాత్రలు వేరే డబ్బాలో పెట్టి, ఆ డబ్బా తెరవవలసి వచ్చిన రోజే కొత్తవి తేవాలని ఇద్దరూ ముందుగా ఒప్పుకోండి. తెచ్చాక డబ్బాలో పాతవి వాడి కొత్తవి నింపాలి, లేకపోతే గడువు తేదీ దాటిపోతుంది.

కాగితాన్ని మీరొక్కరే రాసి ఆయన చేతికివ్వకండి. ఆదివారం సాయంత్రం పిల్లలు ఆడుకునే వేళ ఇద్దరూ కూర్చుని ఇరవై నిమిషాల్లో వేయండి. కలం ఆయన చేతిలో ఉంటే మరీ మంచిది, రాసేవాడికి గుర్తుంటుంది. వ్యాపారమో ప్రయాణాలో అడ్డొచ్చి ఆయన ఆదివారం ఇంట్లో ఉండకపోతే ఫోనులోనే మాట్లాడుకోండి, మీరొక్కరే వేయడం మాత్రం మానండి. మొదటి గడిలో ఒక్కొక్కరికి రోజుకు మూడుకు మించి పెట్టవద్దు. నాలుగోది వచ్చిందంటే ఒకటి రేపటికి జరగాలి లేదా చేతులు మారాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిన వారం పట్టిక ఊసే ఎత్తకండి.

లోపం ఎక్కడని అడిగారు. ఇద్దరి పనిని ఒక్కరి పేరు మీద వేసిన పట్టిక ఎవరు వేసినా ఇలాగే నిండుతుంది.

ఆదివారం దాకా ఆగకూడనిది మీ నడుము. ఎముకల డాక్టరు దగ్గర ఈ శనివారానికే సమయం తీసుకోండి, టీచరుతో మాట్లాడటం పదకొండింటికి కాబట్టి సాయంత్రం పెట్టుకోండి. పిల్లలను ఆ రెండు గంటలూ మీవారు చూస్తారు. ఈలోగా కాళ్లలో తిమ్మిరో బలహీనతో వచ్చినా, మూత్రం, మలం అదుపులో తేడా కనిపించినా శనివారం కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వచ్చే నెల రిటర్ను వేశాక ఆ వారం కాగితం నాకు పంపండి, ఈసారి ఆయన రాసింది.