650 రూపాయల కూలిలో ఆదివారం ఉన్నట్టా, లేనట్టా?

ప్రశ్న: మాది రేణిగుంట. మేస్త్రీ దగ్గర రోజుకు 700 రూపాయలకు పనిచేస్తున్నాను, నెలకు సగటున 24 రోజులు పని దొరుకుతుంది. గాజులమండ్యంలో ఒక కర్మాగారం వాళ్లు రోజుకు 650 ఇస్తాం, ఆదివారానికీ పండుగ సెలవులకూ జీతం ఉంటుంది అంటున్నారు. మారవచ్చా?

జవాబు: ఇప్పుడు మీ చేతికి వస్తున్నది నెలకు 16,800 రూపాయలు. కొత్త చోట ఎంత వస్తుందో చెప్పాలంటే ‘ఆదివారానికి జీతం’ అన్న మాటకు వాళ్ల అర్థం తెలియాలి. ఆ మాటను రెండు రకాలుగా వాడతారు.

మొదటిది, ఆదివారానికి కూడా విడిగా 650 లెక్కకట్టడం. 2026 ఆగస్టులో 31 రోజులు, అందులో 5 ఆదివారాలు. పదిహేనో తేదీ శనివారం పడింది, ఆ రోజు సెలవైనా జీతం ఉంటుంది. మీరు పనిచేసేది 25 రోజులే అయినా 31 రోజులకు 20,150 వస్తుంది.

రెండోది, నెలజీతాన్ని 26తో భాగించి రోజుకూలి తేల్చడం. ఏడాదిలో 52 ఆదివారాలు తీసేస్తే మిగిలేవి 313 రోజులు, అంటే నెలకు సుమారు 26. ఈ పద్ధతిలో ఆదివారం జీతం ఆ 650లోనే కలిసిపోయి ఉంటుంది, విడిగా ఇవ్వరు. అప్పుడు ఆగస్టుకు వచ్చేది 26 రోజుల కూలి, 16,900. మీ ఇప్పటి రాబడికన్నా వంద రూపాయలే ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు, మీరు వేరేగా అర్థం చేసుకున్నట్టు అవుతుంది.

అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న వారి జీతపు చీటీ ఒకటి చూడండి. 31 రోజుల నెలలో సెలవు పెట్టని మనిషికి జీతం లెక్కించిన రోజులు 31 అని ఉంటే మొదటి పద్ధతి, 26 లేదా 27 అని ఉంటే రెండోది.

మొదటి పద్ధతే అయితే ఇంకొకటి కూడా అడగాలి: వారంలో ఒక రోజు మానేస్తే ఆ ఆదివారం కూడా కోస్తారా? చాలా చోట్ల ఆరు రోజులూ వస్తేనే ఏడో రోజుకు జీతం ఇస్తారు. అలాంటప్పుడు రెండు వేర్వేరు వారాల్లో ఒక్కో రోజు మానేస్తే నాలుగు రోజుల కూలి, అంటే 2,600 పోతుంది. ఆ రెండు రోజులూ ఒకే వారంలో మానేస్తే పోయేది 1,950. ఊళ్లో శుభకార్యాలకు వెళ్లేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 రాష్ట్రంలో కర్మాగారాలకు జీతంతో కూడిన సెలవులు. ఆ రోజు పనికి పిలిస్తే రెట్టింపు కూలి గానీ, ఆ రోజు కూలితో పాటు మరో రోజు సెలవు గానీ ఇవ్వాలి. పీఎఫ్, ఈఎస్ఐ కోతలు ఎంతో కూడా అడగండి, ఎందుకంటే నేను పైన చెప్పినవన్నీ కోతకు ముందు అంకెలు.

లెక్క మొదటి పద్ధతి అని తేలితే మారండి. రెండోది అయితే కూలి కొంచెం పెంచమని అడిగి చూడండి. పెంచకపోయినా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తిరుపతి వైపు వానలకు కట్టడం పని ఎన్ని రోజులు ఆగుతుందో మీకే బాగా తెలుసు. ఆ నెలల్లో మీ 24 రోజులు ఎన్నికి తగ్గుతున్నాయో నిరుటి లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.