మూడో కాపీ నెల్లూరులో

ప్రశ్న: మాది చెన్నై, వేళచ్చేరి. పదేళ్ల ఫ్యామిలీ ఫొటోలు, వీడియోలు 320 జీబీ విండోస్ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొన్నాను. అందులోకి కాపీ చేసి పెడితే చాలా? మా అమ్మావాళ్లు నెల్లూరులో ఉంటారు. పండగలకి వెళ్తుంటాం.

జవాబు: చాలదు. 2015 డిసెంబరు వరదలు మీ ఏరియాకి కొత్తగా చెప్పక్కర్లేదు. లాప్‌టాప్, డిస్కు ఒకే బీరువాలో ఉంటే రెండూ కలిసే తడుస్తాయి. పక్కింట్లో దాచినా నీళ్లు అక్కడికీ వస్తాయి. అలాంటి డిస్కే ఇంకొకటి కొని, 320 జీబీ అందులోకీ ఎక్కించి నెల్లూరులో పెట్టండి.

చాలామంది పొరపాటు చేసేది ఆ తర్వాతే. కొత్త ఫొటోలు ఎక్కిద్దామని నెల్లూరు డిస్కును చెన్నై తెచ్చుకుంటారు, మళ్లీ పండగొచ్చేదాకా మూడు కాపీలూ ఒకే ఇంట్లో ఉంటాయి. అలా కాకుండా మార్చుకోండి. బయల్దేరే ముందు రోజు ఇంట్లో ఉన్న డిస్కులోకి కొత్త ఫొటోలు ఎక్కించి దాన్నే తీసుకెళ్లండి, అక్కడున్నది వెనక్కి తెండి. లాప్‌టాప్ మాత్రం ఆ ప్రయాణంలో ఇంట్లోనే ఉండాలి. రెండు డిస్కుల మీదా స్టిక్కర్ అంటించి, కాపీ చేసిన తేదీ రాసుకోండి.

ఫొటోలు D:\Photos లో ఉండి, డిస్కు E: గా కనిపిస్తుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టండి:

```
robocopy D:\Photos E:\Photos /E /XC /XN /XO /R:2 /W:5
```

డిస్కులో లేని ఫైళ్లు మాత్రమే ఇది కాపీ చేస్తుంది. ఉన్నవాటిని చెరపదు, వాటి మీద తిరగరాయదు. లాప్‌టాప్‌లో ఎవరైనా పొరపాటున ఓ ఫోల్డర్ తీసేసినా, ఏదైనా ఫైలు పాడైనా, డిస్కులో పాతది అలాగే ఉంటుంది. నెట్‌లో ఎక్కువగా కనిపించే /MIR వాడకండి. లాప్‌టాప్‌లో పోయినవాటిని అది డిస్కులోనూ తీసేస్తుంది. /R:2 మర్చిపోకండి, లేకపోతే చదవలేని ఒక్క ఫైలు దగ్గర పది లక్షల సార్లు ప్రయత్నిస్తూ కూర్చుంటుంది.

దీనికో ఇబ్బంది ఉంది. ఫోల్డర్ పేరు మారిస్తే డిస్కులో ఆ ఫొటోలు రెండోసారి చేరతాయి. 1 టీబీలో చోటుంది కాబట్టి అది పెద్ద సమస్య కాదు. కాపీ మధ్యలో కేబుల్ ఊడితే మాత్రం సగం రాసిన ఫైలు మిగిలిపోవచ్చు, తర్వాతిసారి కమాండ్ దాన్ని 'ఉంది కదా' అని వదిలేస్తుంది. తెరమీద మొట్టమొదట ERROR చూపించిన ఫైలును డిస్కులోంచి తీసేసి, కమాండ్ మళ్లీ నడపండి.

మొదటిసారి కాపీ అయ్యాక రెండు ఫోల్డర్ల Properties తెరిచి, ఫైళ్ల సంఖ్య, Size పక్కన బ్రాకెట్లో ఉన్న బైట్లు పోల్చండి. రెండూ ఒకటే ఉండాలి. Size on disk తేడాగా ఉన్నా ఫర్వాలేదు. తర్వాత్తర్వాత డిస్కులో ఫైళ్ల సంఖ్య ఎక్కువ ఉండొచ్చు, తక్కువ మాత్రం ఉండకూడదు. నెల్లూరు నుంచి తెచ్చిన డిస్కులో పాత వీడియోలు రెండు మూడు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూశాకే కొత్తవి ఎక్కించండి.